మాంసం వయసును బట్టి మంట

దసరా దగ్గర పడుతుంటే తెలంగాణ పల్లెల్లో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక యాటను మాట్లాడుకుంటారు. కోశాక సమానంగా పోగులు వేసి పంచుకుంటారు. బేరం కుదిరే ముందు వాళ్లలో అనుభవమున్న పెద్దమనిషి ఒకరు యాట కింది పెదవిని బొటనవేలితో వంచి పళ్లు చూస్తారు. తర్వాత నడుం మీద, వెన్నుపూసకు రెండు వైపులా వేళ్లతో నొక్కి చూస్తారు. పళ్లు వయసు చెబుతాయి, నడుం కండ ఎంత పట్టిందో చెబుతుంది. పోగు ఇంటికి చేరేసరికి అది లేతదో ముదురుదో, ఎంతసేపు ఉడికించాలో ఆ ఇంట్లో వంట చేసేవాళ్లకు ముందే తెలిసిపోతుంది.

పట్నంలో కిలో తూకం వేయించుకుని కవర్లో పట్టుకొచ్చే మనిషికి ఆ సంగతులేవీ తెలియవు. అందుకే ఒక ఆదివారం ఆరు విజిల్స్‌కి వెన్నలా ఉడికిన కూర, మరో ఆదివారం అవే ఆరు విజిల్స్‌కి రబ్బరులా సాగుతుంది. తప్పు కుక్కర్‌దీ కాదు, మసాలాదీ కాదు. రెండు వారాలూ ఆ ఇంటికి వచ్చింది ఒకే వయసు జీవం కాదు.

పేర్ల దగ్గర తేల్చుకోవాల్సింది

మన దుకాణాల్లో మటన్ అంటే మేక కావచ్చు, గొర్రె కావచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, దాదాపు 1.9 కోట్లు. తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. రెండు రాష్ట్రాల్లోనూ మేకల సంఖ్య గొర్రెల్లో మూడో వంతుకు మించదు. కాబట్టి హైదరాబాద్‌లోనో నెల్లూరులోనో పేరు అడక్కుండా మటన్ కొంటే అది పొట్టేలు అయ్యే అవకాశమే ఎక్కువ. బెంగాల్ వైపు వెళ్తే అదే మాటకు మేక మాంసం వస్తుంది.

బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో లెక్క వేరు. అక్కడ ల్యాంబ్, మటన్ రెండూ గొర్రెవే, తేడా వయసుది. సుమారు ఏడాది లోపుదైతే ల్యాంబ్. రెండేళ్లు దాటితే మటన్. మధ్యలో ఉన్నదాన్ని హాగెట్ అంటారు. మేకది మేక మాంసమే, దాన్ని ఈ రెండింటిలో ఎక్కడా కలపరు. ఆస్ట్రేలియాలో ల్యాంబ్ అనిపించుకోవడానికి చాలాకాలం పళ్లే కొలత: ఒక్క శాశ్వత దంతం మొలిచినా ఆ పేరు పోయేది. 2019 జులై నుంచి నిబంధన కొంత సడలించారు. పన్నెండు నెలల లోపుదైనా సరే, లేదా శాశ్వత దంతం ఇంకా పూర్తిగా ఎదిగి వాడుకలోకి రానిదైనా సరే, ల్యాంబ్ కిందే లెక్క.

ఈ లెక్కలో చూస్తే మన ఊళ్లో ‘లేత పొట్టేలు’ అని అమ్మే ఎనిమిది, పది నెలల జీవం విదేశీ వంట పుస్తకంలోని ల్యాంబే. ఆ పుస్తకంలో మటన్‌కు రెండున్నర గంటలు ఉడికించమని రాసి ఉంటే, అది ముదురు గొర్రె గురించి రాసింది. అది చూసి మన లేత పొట్టేలును అంతసేపు పొయ్యి మీద ఉంచితే ముక్క పీచుపీచుగా విడిపోయి, బొక్కలు మాత్రమే మిగులుతాయి.

దుకాణంలో వయసు చదవడం

గొర్రెకూ మేకకూ పై దవడలో ముందు పళ్లుండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. పిల్లప్పుడు అవన్నీ సన్నటి పాలపళ్లు. ఏడాది దాటి ఏడాదిన్నర లోపు మధ్యలోని జత ఊడి, వాటి చోట రెండు వెడల్పాటి పళ్లు వస్తాయి. రెండేళ్లు వచ్చేసరికి నాలుగు, ఆ తర్వాత ఆరు, మూడు నాలుగేళ్లకు ఎనిమిదీ మారిపోతాయి. జాతిని బట్టి, మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. దుకాణంలో తలకాయలు ఎలాగూ విడిగా అమ్మకానికి ఉంటాయి. వేలాడుతున్న యాటది ఏ తలో చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

తల దొరక్కపోతే పక్కటెముకలు చూడాలి. లేతదానివి సన్నగా, గుండ్రంగా, లోపలి రక్తం బయటికి కనిపించేలా ఎర్రగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి వెడల్పై, బల్లపరుపుగా, తెల్లగా మారతాయి. ముందుకాలు తీసేసిన చోటు కూడా మంచి ఆనవాలే. లేత జీవంలో కాలి ఎముక చివర ఇంకా గట్టిపడని పెరుగుదల భాగం ఉంటుంది. అక్కడ విరిస్తే గరుకుగా, ఎర్రగా, తడిగా కనిపిస్తుంది. ముదిరినదానిలో ఆ భాగం ఎముకతో కలిసి గట్టిపడిపోతుంది కాబట్టి అక్కడ విరగదు. కీలు దగ్గర నున్నగా, తెల్లగా ఊడివస్తుంది.

రంగు మూడో సాక్ష్యం. కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ వయసుతో పాటు పెరుగుతుంది. అందుకే లేత మాంసం గులాబీ రంగులో, ముదురుది చిక్కటి ఎరుపులో ఉంటుంది. అయితే గాలి తగలడం వల్లా, దుకాణంలోని దీపాల వల్లా రంగు మారి కనిపిస్తుంది. రంగును ఎముకతో కలిపి చూడాలి తప్ప దాన్నొక్కదాన్నే నమ్మకూడదు.

మేకా గొర్రా అన్నది తేల్చుకోవాలంటే వేలాడుతున్న మొత్తం యాటను చూడాలి. గొర్రెకు వీపు గుండ్రంగా, కండతో నిండి ఉంటుంది. చర్మం కింద కొవ్వు పొర పరుచుకుని ఉంటుంది. మేకకు వీపు మీది ఎముక పదునుగా తేలి, ఛాతీ పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. దాని కొవ్వు ఎక్కువగా కడుపు లోపల, మూత్రపిండాల చుట్టూ చేరుతుంది. అందుకే పైన కొవ్వు పలచగా ఉంటుంది. మేక కండపై పొర చేతికి జిగురుగా తగులుతుంది, కోసినప్పుడు రాలిన వెంట్రుకలు దానికి అంటుకుని ఉండటమూ మామూలే. ముక్కలు కొట్టేశాక ఈ ఆనవాళ్లన్నీ కలిసిపోతాయి. అప్పుడు ఖాయంగా తేల్చాలంటే డీఎన్‌ఏ పరీక్షే దిక్కు. హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థలో అలాంటి పరీక్షలు చేస్తారు.

వాసన ఉండేది కొవ్వులో

కొందరు గొర్రె మాంసం నీచు వాసన అంటారు, మరికొందరు మేకపోతు వాసన భరించలేమంటారు. ఈ రెండు వాసనలకూ మూలం చాలావరకు కండలో కాదు, కొవ్వులో ఉంటుంది. కొవ్వు తీసేసిన కండను ఉడికిస్తే ఏ జంతువుదో రుచి చూసి చెప్పడం కష్టమవుతుంది. 1975లో న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు గొర్రె కొవ్వును విడదీసి చూసి, ఆ ప్రత్యేకమైన వాసనకు కొన్ని శాఖలున్న కొవ్వు ఆమ్లాలు కారణమని చెప్పారు. ఆవు కొవ్వులో ఇవి గుర్తించదగినంతగా ఉండవు. గొర్రెలో, మేకలో ఉంటాయి, వయసుతో పెరుగుతాయి, విత్తులు తీయని మగవాటిలో మరీ ఎక్కువ.

మేకపోతు విషయంలో ఇంకో సంగతి ఉంది. ఎదకు వచ్చిన పోతుకు కొమ్ముల మొదట్లో ఉండే గ్రంథుల నుంచి ఘాటైన వాసన వస్తుంది. చర్మం ఒలిచిన చేతులతోనే, ఆ కత్తితోనే కండను తాకితే ఆ వాసన మాంసానికీ అంటుకుంటుంది. పనితనం తెలిసినవాళ్లు తోలు ఒలిచాక చేతులూ కత్తీ కడుక్కుని గాని కండ జోలికి వెళ్లరు. ఏడాది లోపు మేకపిల్లలో ఈ బెడద తక్కువ. మేక మాంసమంటే ముఖం తిప్పుకునేవాళ్లలో చాలామంది తిన్నది ముదురు పోతునే అయి ఉంటుంది.

కాబట్టి వాసన తగ్గించాలంటే మసాలా పెంచడం కంటే కొవ్వు తగ్గించడం మేలు. ముదురు పొట్టేలు తెచ్చినప్పుడు వీపు మీది, తొడ మీది కొవ్వు పొరను, మూత్రపిండాల చుట్టూ ఉన్న తెల్లటి ముద్దను కత్తితో తీసేయాలి. కండల మధ్య సన్నగా ఉన్న కొవ్వును ఉంచుకోవచ్చు, కూరకు జిడ్డు అదే ఇస్తుంది. లేతదానికి ఈ పని అక్కర్లేదు. దాని కొవ్వు తక్కువ, వాసనా తక్కువ. రుచి కూడా ఆ మేరకు చప్పగానే ఉంటుంది. ఏడాదిన్నర పొట్టేలుతో చేసిన పులుసుకు వచ్చే గాఢత ఆరు నెలల పిల్లతో చేస్తే రాదు.

కుక్కర్ లోపల ఏం జరుగుతుంది

కండ నారలను కట్టిపడేసే పొరలు, నరాల్లాంటి తెల్లటి పట్టీలు కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. వేడి అరవై డిగ్రీల సెల్సియస్ దాటితే అది ముడుచుకుని, కండలోని నీటిని బయటికి పిండుతుంది. సగం ఉడికిన ముక్క పచ్చి ముక్క కంటే గట్టిగా ఉండటానికి కారణం ఇదే. డెబ్బై దాటిన వేడిలో అలాగే ఉంచితే కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది. ముక్క మెత్తబడుతుంది, పులుసు చిక్కబడుతుంది.

వయసు ఆడే ఆట ఇక్కడే ఉంది. ముసలి గొర్రెలో కొల్లాజెన్ మరీ ఎక్కువేమీ ఉండదు. కానీ దాని పోగుల మధ్య ఏళ్ల తరబడి కొత్త ముడులు పడుతూ పోతాయి, ఆ ముడులు వేడికి తొందరగా విడిపోవు. పడుగూ పేకా వదులుగా ఉన్న బట్టకూ, బిగించి నేసిన బట్టకూ ఉన్న తేడా లాంటిది ఇది. నూలు అంతే, చింపడానికి పట్టే బలమే వేరు. అదే జీవంలో కూడా రోజంతా నడిచే కాళ్లు, మెడ ఆలస్యంగా ఉడుకుతాయి. పెద్దగా పని లేని నడుం భాగం త్వరగా ఉడుకుతుంది.

విజిల్స్ లెక్క ఇక్కడ దెబ్బతీస్తుంది. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ ఐదారు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్న మంట మీద అవే పావుగంటకు పైగా పడతాయి. మాంసానికి కావాల్సింది కూతల లెక్క కాదు, ఆవిరి ఒత్తిడిలో గడిపిన నిమిషాలు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, అక్కడి నుంచి గడియారం చూసుకోవాలి.

కిలో మాంసం, బొక్కతో సహా, ఒకటిన్నర అంగుళాల ముక్కలు అనుకుందాం. ఉల్లిపాయలు వేగాక అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు వేసి, ముక్కల నుంచి ఊరిన నీళ్లు ఇగిరేదాకా వేయించి, ఒకటిన్నర గ్లాసుల వేడి నీళ్లు పోసి మూత పెడతారు. అది పాలపళ్ల పొట్టేలో మేకపిల్లో అయితే చిన్న మంట మీద పన్నెండు నిమిషాలు చాలు. మంట ఆర్పి, ఆవిరి దానంతటదే దిగేదాకా మరో పది నిమిషాలు ఆగాలి. రెండు లేక నాలుగు పళ్లదైతే ఇరవై నుంచి పాతిక నిమిషాలు. ఎనిమిది పళ్లూ వచ్చిన ముదురు గొర్రెకు నలభై నిమిషాల దాకా కావచ్చు. మూత లేని గిన్నెలో, కట్టెల పొయ్యి మీద ఇదే వరుసగా ముప్పావు గంట, గంటంపావు, రెండు నుంచి రెండున్నర గంటలు అవుతుంది.

వయసు తెలియకపోతే తక్కువ సమయంతోనే మొదలుపెట్టాలి. పన్నెండు నిమిషాల తర్వాత, ఆవిరి దిగాక మూత తీసి, వట్టి కండ ముక్కను కాకుండా తెల్లటి పట్టీ ఉన్న ముక్కను తీసి చూడాలి. పట్టీ రబ్బరులా సాగి గోరు దిగకపోతే ఇంకా ఉడకలేదు. అరగ్లాసు వేడి నీళ్లు పోసి మళ్లీ మూత పెట్టి, ఎనిమిది నిమిషాలకోసారి చూసుకోవాలి. చన్నీళ్లు పోస్తే గిన్నె వేడి పడిపోయి ఆలస్యమవుతుంది. పట్టీ అద్దంలా జిగురుగా మారి, కండ బొక్క చివర నుంచి కాస్త వెనక్కి జరిగితే సరిగ్గా ఉడికినట్టు. ముక్క పట్టుకోగానే నారలు పొడిపొడిగా విడిపోతే సమయం దాటిపోయింది. సాగడం ఒకటి, పొడిబారడం ఇంకొకటి. నోట్లో రెండూ ‘గట్టి’ గానే అనిపిస్తాయి కానీ మొదటిదానికి మందు ఇంకాస్త ఉడికించడం, రెండోదానికి మందు లేదు. కొవ్వు పలచన కాబట్టి మేక ఈ రెండో ఇబ్బందిలో గొర్రె కంటే ముందే పడుతుంది.

తూకంలో వేసిన కార్జం ముక్కలను వీటితో పాటు కుక్కర్‌లో వేయకూడదు. వాటికి ఏడెనిమిది నిమిషాలు చాలు. కూర ఉడికాక చివర్లో కలిపితే గట్టిపడవు.

ఏ వయసుకు ఏ వంట

హైదరాబాదీ కచ్చి బిర్యానీలో పచ్చి మాంసం, సగం ఉడికిన బియ్యం ఒకే హండీలో దమ్ముకు వెళ్తాయి. అన్నం తయారయ్యే గంట లోపే ముక్కా ఉడకాలి. మధ్యలో మూత తీసి సరిచూసే వీలు లేదు. ఏడాది లోపు పొట్టేలునో మేకనో ఎంచుకోవడం అందుకే. కిలోకు రెండు టేబుల్ స్పూన్ల పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తే ముక్క త్వరగా మెత్తబడుతుంది. అయితే బొప్పాయిలోని పపైన్ ముక్క పైభాగానికే ఎక్కువగా పడుతుంది, లోతుకు దిగదు. ముదురు మాంసానికి దాన్ని ఎక్కువ పట్టించి రాత్రంతా ఉంచితే పైన బంకగా, లోపల గట్టిగా తయారవుతుంది. ముదురుదే దొరికిందనుకుంటే పక్కీ బిర్యానీకి మారడం మంచిది. ముందు మాంసాన్ని విడిగా ఉడికించి తర్వాత అన్నంతో దమ్ము చేస్తారు కాబట్టి అందులో సమయం చేతిలో ఉంటుంది.

హలీం దీనికి పూర్తిగా ఎదురు. గోధుమలతో పాటు గంటల తరబడి ఉడికించి కర్రతో మెదుపుతారు. అక్కడ కరిగిన కొల్లాజెనే హలీంకు ఆ సాగే గుణం ఇస్తుంది. ఎదిగిన మాంసం అందులో బాగా కుదురుతుంది. కాళ్ల పాయా సంగతీ అంతే. వేపుడుకు, కబాబ్‌కు లేత తొడ. పులుసుకు, గోంగూర మాంసానికి ఏడాది నుంచి రెండేళ్ల మధ్యది మంచి ఎంపిక.

కోసిన గంటలు కూడా లెక్కే

వయసు సరిగ్గానే ఎంచుకున్నా ముక్క గట్టిగా రావడానికి ఇంకో కారణం ఉంది. కోసిన కొన్ని గంటలకు కండలు బిగుసుకుంటాయి, ఒక రోజు గడిచాక ఆ బిగువు క్రమంగా సడలుతుంది. పొద్దున్నే కోసినదాన్ని తెచ్చి వెంటనే ఫ్రీజర్లో పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. బిగువు పూర్తికాకముందే చలి తగిలిన కండ మామూలు కంటే ఎక్కువగా ముడుచుకుపోతుంది, తర్వాత ఎంత ఉడికించినా ఆ ప్రభావం కొంత మిగులుతుంది. న్యూజిలాండ్ నుంచి విదేశాలకు పంపే లేత ల్యాంబ్ కూడా గట్టిగా ఉంటోందన్న ఫిర్యాదుల వెనక కారణం ఇదేనని అక్కడి పరిశోధకులు 1960ల్లో తేల్చారు. కోసిన వెంటనే గడ్డకట్టించడం మాని, కొంతసేపు ఆగి చల్లార్చే పద్ధతికి ఆ పరిశ్రమ మారింది. సన్నగా, కొవ్వు పొర లేకుండా ఉండే మేక కండ త్వరగా చల్లబడుతుంది కాబట్టి దానికి ఈ ముప్పు ఎక్కువ. ఆదివారం తెచ్చినది ఆ పూటే వండేయాలి, లేదంటే ఫ్రిజ్ కింది అరలో మూతపెట్టి ఒక రోజు ఉంచి మర్నాడు వండాలి. నిల్వ పెట్టాలనుకుంటే ఆ ఒక రోజు గడిచాకే ఫ్రీజర్లోకి మార్చాలి.

అమెరికాలోని తెలుగు వంటింట్లో

అక్కడి సూపర్ మార్కెట్లో సులువుగా దొరికేది ల్యాంబ్. మేక కావాలంటే భారతీయ దుకాణానికో హలాల్ దుకాణానికో వెళ్లాలి. గడ్డకట్టించిన మేక ముక్కల ప్యాకెట్లలో చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వచ్చేవి. మేక మాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందున్నది ఆ దేశమే, ప్రధాన కొనుగోలుదారు అమెరికా. ఆస్ట్రేలియా మేకల్లో ఎక్కువ భాగం పాకల్లో పెంచినవి కావు, బీడు భూముల్లో విచ్చలవిడిగా తిరిగే మందల నుంచి పట్టినవి. వాటి వయసు ఒక్కతీరుగా ఉండదు. ఒకే ప్యాకెట్‌లో ఏడాది మేక ముక్కా, నాలుగేళ్ల మేక ముక్కా పక్కపక్కనే ఉండొచ్చు.

అలాంటి ప్యాకెట్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరగనిచ్చి, ముక్కలను రెండు కుప్పలు చేసుకోవాలి. సన్నటి ఎర్రటి ఎముకలు, లేత రంగు కండ ఒక వైపు; వెడల్పు తెల్లటి ఎముకలు, ముదురు ఎరుపు కండ, పట్టీలు ఎక్కువున్నవి మరో వైపు. రెండో కుప్పను ముందుగా పసుపు, ఉప్పుతో కుక్కర్‌లో పాతిక నిమిషాలు ఉడికించి, ఆవిరి దిగాక మూత తీసి, మొదటి కుప్పను అందులో కలిపి ఇంకో పన్నెండు నిమిషాలు ఉంచాలి. ల్యాంబ్ తెచ్చినప్పుడు ఇలా వేరు చేయాల్సిన అవసరం ఉండదు. అది సాధారణంగా లేతదే. పై కొవ్వు కొంత తీసి, పాలపళ్ల పొట్టేలుకు పట్టే సమయమే ఇస్తే సరిపోతుంది.